ఇన్వర్టర్ బ్యాటరీ వోల్టేజ్ చూడాలంటే ఎంతసేపు ఆగాలి - ఆరేళ్ళు మీటర్ పెట్టి చూశాక నా రివ్యూ

మా ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్ పెట్టి ఆరేళ్ళు దాటింది. దాంతో పాటు ఒక చవక మల్టీమీటర్, ఒక గాజు హైడ్రోమీటర్ కూడా అప్పుడే కొన్నా. బ్యాటరీ బాగుందా బాలేదా అనేది చాలామంది రాశారు కాబట్టి అది వదిలేస్తా. నేను ఇన్నేళ్ళలో తెలుసుకున్నది ఒకటే, లోడ్ తీసేసిన వెంటనే మీటర్ పెడితే వచ్చే నంబర్‌ని నమ్మకూడదు.

నాలుగో ఏడు జరిగింది చెప్తా. ఎండాకాలం, మూడు గంటలు కరెంటు లేదు, రెండు ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ కలిపి 240 వాట్ల దాకా నడిచాయి. బ్యాకప్ తగ్గినట్టుంది అని అనుమానంతో మెకానిక్‌ని పిలిచా, ఆయన ఇన్వర్టర్ ఆపేసి నిమిషంలోపే మీటర్ పెట్టి 11.9 చూపించి, "అయిపోయింది సార్, పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. నాకేమో డబ్బులు పెట్టబుద్ధి కాలేదు, రేపు చెప్తా అని పంపించి, బ్యాటరీ వైరు ఊడదీసి రాత్రంతా వదిలేసి మధ్యమధ్యలో రీడింగులు రాసుకున్నా.

లోడ్ ఉన్నప్పుడు 11.75. ఆపిన క్షణంలో 11.88. ఒక నిమిషానికి 11.94, పది నిమిషాలకి 12.01, గంటకి 12.09, నాలుగు గంటలకి 12.14, పొద్దున్న చూస్తే 12.15. అంటే మెకానిక్ చూసినదానికీ నిజానికీ తేడా పావు వోల్టు. పావు వోల్టు చిన్నదిగా అనిపిస్తుంది గానీ ఈ బ్యాటరీలో నిండుకీ ఖాళీకీ మధ్య మొత్తం తేడానే సుమారు ముప్పావు వోల్టు, అందులో మూడోవంతు తప్పు చూసి బ్యాటరీని చంపేశాడు పాపం.

ఎందుకు పెరుగుతుంది అంటే, ఆపగానే ఎగిరిన ఆ 0.13 వోల్టులు లోపలి రెసిస్టెన్స్ వల్ల వచ్చే డ్రాప్, బ్యాటరీలోంచి కరెంటు పారడం ఆగితే డ్రాప్ కూడా పోతుంది, దానికి టైమ్ పట్టదు. ఆ తర్వాత కొన్ని సెకన్లలో వచ్చేది ప్లేటు పైపొరలో కెమికల్ రియాక్షన్ సర్దుకోవడం వల్ల. అసలు కథ మాత్రం ఆ తర్వాతే, గంటల తరబడి నడిచేది. ప్లేటు గట్టి లెడ్ ముక్క కాదు, స్పాంజి లాగా లోపలంతా సన్నటి రంధ్రాలు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఆ రంధ్రాల్లో ఉన్న యాసిడ్ ఖర్చయిపోయి నీళ్ళు పుడతాయి, పాజిటివ్ ప్లేటులో ఇంకా ఎక్కువ. బయట యాసిడ్ ఘాటుగానే ఉన్నా అది లోపలికి పాకడానికి టైమ్ పడుతుంది, కాఫీలో చక్కెర వేసి కలపకుండా వదిలేసినట్టు. బ్యాటరీ వోల్టేజ్ అనేది ప్లేటుని తాకుతున్న యాసిడ్ ఎంత ఘాటుగా ఉందో దాన్ని బట్టి వస్తుంది, అందుకే లోపల యాసిడ్ మెల్లిగా నిండే కొద్దీ మీటర్‌లో నంబర్ కూడా మెల్లిగా ఎక్కుతుంది. గమనించండి, బ్యాటరీ ఏమీ తనంతట తాను చార్జ్ అవ్వట్లేదు, లోపల ఉన్నదే సమానంగా సర్దుకుంటోంది.

ఇది నిజమా కాదా అని హైడ్రోమీటర్‌తో చూడొచ్చు. అది యాసిడ్ గ్రావిటీ చూపిస్తుంది, అంటే నీళ్ళకంటే యాసిడ్ ఎన్ని రెట్లు బరువో, ఘాటు ఎక్కువైతే ఆ నంబర్ ఎక్కువ. పాత లెక్క ఒకటుంది, గ్రావిటీకి 0.84 కలిపితే ఒక సెల్ వోల్టేజ్ దాదాపు వచ్చేస్తుంది. ఆ పొద్దున్న బ్యాటరీలో ఉన్న ఆరు సెల్సూ 1180-1190 మధ్య ఉన్నాయి, హైడ్రోమీటర్‌లో 1185 అంటే గ్రావిటీ 1.185, కాబట్టి 1.185 + 0.84 = 2.025, ఆరుతో గుణిస్తే 12.15. మీటర్‌ కూడా అదే చెప్పింది. అంటే బ్యాటరీ చావలేదు, దాదాపు సగం వాడుకున్నాం, అంతే. మూడు గంటల్లో 70 ఏహెచ్ దాకా తీశాం కాబట్టి సగం అనేది లెక్కకి కూడా సరిపోతుంది.

ఇంకో తిరకాసు కూడా ఇక్కడే ఉంది. బయట తిరిగే చార్టుల్లో నిండు అంటే 12.7 అని ఉంటుంది, అది కారు బ్యాటరీకి, అందులో యాసిడ్ 1280. మన ట్యూబులర్‌లో ఫుల్ చార్జ్ మీద 1240 చుట్టూ ఉంటుంది, కాబట్టి నిండుగా ఉన్నా బాగా ఆగాక చూస్తే 12.5 చుట్టూనే వస్తుంది. నేను మొదటి రెండేళ్ళు ఆ 12.7 రావట్లేదని తెగ కంగారు పడ్డా 😅

మరి ఎంతసేపు ఆగాలి? నా అనుభవంలో డిశ్చార్జ్ తర్వాత నాలుగు గంటలు చాలు, తొందరగా ఉంటే గంటకి చూసి ఇంకో 0.05 కలుపుకుంటా, మా బ్యాటరీకి అదే సరిపోయింది, మీది ఒకసారి రాసి చూసుకోండి. చార్జింగ్ తర్వాత అయితే ఇంకా ఎక్కువ ఆగాలి, కనీసం 12 గంటలు, ఎందుకంటే అక్కడ రివర్స్‌లో జరుగుతుంది, రంధ్రాల్లో ఘాటు యాసిడ్ పేరుకుని వోల్టేజ్ ఎక్కువ చూపించి మెల్లిగా దిగుతుంది. గడియారం కంటే మంచి గుర్తు ఏంటంటే గంట తేడాతో రెండు రీడింగులు తీసి తేడా 0.01 లోపు ఉంటే అయిపోయినట్టే. చలికాలంలో పాకడం నెమ్మదిస్తుంది, ఇంకాస్త ఓపిక పట్టాలి.

చాలామంది చేసే పొరపాటు, ఫ్యాన్లు ఆపేసి "రెస్ట్ ఇచ్చా" అనుకోవడం. కరెంటు రాగానే ఇన్వర్టర్ చార్జ్ చెయ్యడం మొదలెడుతుంది, కరెంటు లేకపోయినా ఇన్వర్టర్ తన కోసం కొంత లాగుతూనే ఉంటుంది. ముందు ఇన్వర్టర్ స్విచ్ ఆపి, గోడ ప్లగ్ తీసి, ఆ తర్వాత నెగెటివ్ వైరు ఊడదీయండి. చార్జ్ అయిన వెంటనే మాత్రం ఊడదీయకండి, హైడ్రోజన్ ఉంటుంది, స్పార్క్ వస్తే ప్రమాదం. గాలి ఆడనిచ్చి కాసేపయ్యాక తీయండి.

మీటర్ గురించి ఒక మాట. చవక మీటర్లలో అర శాతం తప్పు మామూలే, 12 వోల్టుల దగ్గర అది 0.06. కాబట్టి నా నంబర్‌తో మీ నంబర్ పోల్చొద్దు, ఒకే మీటర్‌తో మీ పాత రీడింగుతో పోల్చుకోండి. మీటర్‌లో సెల్ డౌన్ అయితే ఎక్కువ చూపిస్తుంది, నాకు ఒకసారి నిండు బ్యాటరీ 13.4 చూపించింది, ఏం చార్జింగో అనుకున్నా, తీరా చూస్తే మీటర్‌లో బ్యాటరీ మార్చాలి.

పోయిన ఏడాది నుంచి మాత్రం వేరే కథ. లోడ్ తీశాక మామూలుగానే పెరుగుతోంది, గంటకి 12.05 వచ్చింది, కానీ పొద్దున్నకి 11.96కి దిగింది. పెరిగి నిలబడాలి, పెరిగి దిగితే ఎక్కడో ఒక సెల్ లోపల లీకవుతోందని అర్థం. హైడ్రోమీటర్ పెడితే మూడో సెల్ మిగతావాటికంటే 60 పాయింట్లు తక్కువ. ఈసారి అదే మెకానిక్‌ని నేనే పిలిచా, రాత్రి రాసిన కాగితం చూపిస్తే మీటర్ బయటికి తీయకుండానే ఒప్పుకున్నాడు.