వడ్డీ రేట్లు పెరిగాయి: పాత బాండ్ అమ్మేయడం మేలా, ఉంచుకోవడం మేలా?

2022 మేలో రిజర్వ్ బ్యాంక్, బ్యాంకులకు తానిచ్చే అప్పుపై తీసుకునే వడ్డీని, అంటే రెపో రేటును, 4 శాతం నుంచి 4.40కి పెంచింది. 2023 ఫిబ్రవరి నాటికి అది 6.50కి చేరింది. అలాంటి రోజుల్లో కొత్తగా బాండ్ కొన్నవాళ్లు ఖాతా తెరిచి చూసి కంగారుపడతారు. వడ్డీ సమయానికి పడుతూనే ఉంటుంది, బాండ్ ధర మాత్రం తగ్గి కనిపిస్తుంది.

ఎందుకో లెక్కేసి చూద్దాం. మీ దగ్గర 6 శాతం వడ్డీతో లక్ష రూపాయల బాండ్ ఉంది, గడువు ఇంకా పదేళ్లు. సులువు కోసం వడ్డీ ఏడాదికోసారి వస్తుందనుకుందాం. ఇప్పుడు అదే లక్షకు కొత్త బాండ్ 7 శాతం ఇస్తోంది. మీ బాండ్ కొనేవాడికి ఏటా వెయ్యి తక్కువొస్తుంది కాబట్టి, ఆ లోటు పూడేంత ధర తగ్గిస్తేనే కొంటాడు. పదేళ్లకు పది వేలు తగ్గించాలా? అక్కర్లేదు. ఆ వెయ్యిలు ఏడాదికొకటి చొప్పున రావాల్సినవి; 7 శాతం లెక్కన వాటి ఇవాళ్టి విలువ 7,024 రూపాయలే. అందుకే ధర 92,976 దగ్గర నిలుస్తుంది. గడువు రెండేళ్లే ఉంటే పోయేది రెండు వెయ్యిలే కాబట్టి, ధర 1,808 మాత్రమే తగ్గేది.

చాలామందికి వెంటనే వచ్చే ఆలోచన: నష్టానికైనా అమ్మేసి 7 శాతం బాండ్‌లోకి మారిపోదాం. 92,976తో పదేళ్ల కొత్త బాండ్ కొంటే ఏటా 6,508 వస్తుంది, అంటే పాతదానికన్నా 508 ఎక్కువ. కానీ చివర్లో చేతికొచ్చేది లక్ష కాదు, 92,976. ఏటా వచ్చే ఆ 508ని మళ్లీ 7 శాతానికే పెడుతూ పోతే పదేళ్లకు దాదాపు 7,024 అవుతుంది. సరిగ్గా పోగొట్టుకున్నదే తిరిగొస్తుంది, పైసా లాభం లేదు. పైగా అమ్మకం ఖర్చులున్నాయి. చిన్న మొత్తాలకు మార్కెట్లో కొనేవాళ్లు తక్కువ, లెక్క ప్రకారం రావాల్సిన ధర కూడా ఒక్కోసారి రాదు.

అందుకే గడువుదాకా డబ్బు అవసరం లేనివాళ్లు ఉంచుకోవడమే మేలంటాను. బాండ్ ఇచ్చినవాడు ఎగ్గొట్టకపోతే లక్ష లక్షగానే వస్తుంది. గడువు దగ్గరపడేకొద్దీ ధర కూడా దానంతటదే లక్ష వైపు జరుగుతుంది.

మూడేళ్లలో పిల్లల ఫీజుకో, ఇంటికో ఆ డబ్బే కావాలంటే మాత్రం నా సలహా వేరు. అప్పటికి రేటు 8 శాతమైతే, ఏడేళ్లు మిగిలిన ఈ బాండ్ ధర 89,587కి దిగుతుంది. ఆ అవసరానికి పదేళ్ల బాండ్ పాతదైనా కొత్తదైనా సరిపడదు. ఇవాళే అమ్మి, మూడేళ్లకు గడువు తీరే బాండ్‌లో పెట్టుకోండి. రేట్లు తగ్గితే పాత బాండ్ ధర పెరిగి లాభం వచ్చేదే, అది వదులుకోవాల్సి వస్తుంది. ఫీజు కట్టాల్సిన డబ్బుతో ఆ పందెం వద్దు.