మూడు ల్యాప్‌టాప్‌లలో ఏది మేలు? నా పట్టిక రెండుసార్లు మాట మార్చింది

గత నెల ల్యాప్‌టాప్ కొన్నాను. కొన్న దగ్గరనుంచి ఒకటే ప్రశ్న: "మూడింట్లో అదే ఎందుకు తీసుకున్నావు?" మార్కుల పట్టిక వేసి తీసుకున్నానంటే సగం మంది నవ్వుతున్నారు, మిగతా సగం పట్టిక పంపమంటున్నారు. పట్టిక పంపడానికి ఇబ్బంది లేదు. కానీ అదే పట్టిక నాకు ముందు ఒక విజేతను చూపించి, తర్వాత ఇంకొకదాన్ని చూపించి, చివరికి మళ్లీ మొదటిదానికే వచ్చింది. ఆ కథ తెలియకుండా అంకెలు చూస్తే లాభం లేదు.

మోడల్ పేర్లు చెప్పను, ఆరు నెలల్లో అవి మారిపోతాయి. చివరి వరకు నిలిచినవి మూడు. ఒకటి సన్నగా, తేలిగ్గా ఉండేది, దాన్ని సన్నది అందాం. ఇంకొకటి విడి గ్రాఫిక్స్ కార్డుతో గేమ్‌ల కోసం చేసిన బండది. మూడోది రెండింటికీ మధ్యలో, ధర తక్కువ ఉన్న మధ్యది. మూడింట్లోనూ 16 జీబీ ర్యామ్ ఉంది. 16 లేనివాటిని పట్టికలోకే రానివ్వలేదు. తప్పనిసరిగా ఉండాల్సిన దానికి మార్కులు వేయకూడదు. వేస్తే 8 జీబీ ఉన్నది ధరలో మార్కులు కొట్టేసి ఆ లోటును పూడ్చేసుకుంటుంది. ర్యామ్‌లో ఆ పూడిక కుదరదు.

నా మొదటి పట్టికలో పదకొండు వరసలు ఉండేవి. ప్రాసెసర్ తరం ఒకటి, కోర్ల సంఖ్య ఒకటి, బెంచ్‌మార్క్ స్కోరు ఒకటి. చూస్తే అన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి: పని ఎంత త్వరగా అవుతుంది అని. ఒకే గుణానికి మూడుసార్లు మార్కులు వేస్తే బండది ఊరికే పైకి వస్తుంది. వాటిని తీసేసి, నేను నిజంగా చేసే ఒక పనిని కొలిచాను. పది నిమిషాల వీడియోను ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఎంతసేపు పడుతుంది? అలా నాలుగు వరసలు మిగిలాయి. ధరను మాత్రం మధ్యదాన్ని 100 అనుకుని పోల్చి రాశాను.

| | సన్నది | మధ్యది | బండది |
|---|---|---|---|
| ధర | 112 | 100 | 130 |
| బ్యాటరీ (గంటలు) | 11 | 8 | 4 |
| ఎక్స్‌పోర్ట్ (నిమిషాలు) | 10 | 9 | 4 |
| బరువు (కిలోలు) | 1.2 | 1.6 | 2.3 |

బ్యాటరీ గంటలు కంపెనీ చెప్పినవి కావు. కంపెనీ లెక్క సాధారణంగా వెలుతురు తగ్గించి వీడియో ఆడిస్తూ వచ్చేది. ఇవి బ్రౌజర్, డాక్యుమెంట్ల పనితో, మామూలు వెలుతురులో కొలిచినవి.

ఇక తూకాలు, అంటే వందలో ఏ వరసకు ఎంత ప్రాధాన్యం అన్నది. ధరకు 30, బ్యాటరీకి 30, వేగానికి 25, బరువుకు 15 అని మనసుకు తోచినట్టు వేశాను. మార్కుల పద్ధతి కూడా అందరూ చేసేదే: వరసలో మంచిదానికి 10, అధ్వానమైనదానికి 0, మధ్యలోదానికి ఆ రెండింటి నుంచి ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి. మార్కులను తూకాలతో గుణించి, కూడి, వందతో భాగిస్తే లెక్క తేలింది: సన్నది 6.3, మధ్యది 6.1, బండది 2.5.

బండది పోటీలో లేదని తేలిపోయింది కదా, పట్టిక చూడటానికి తేలిగ్గా ఉంటుందని ఆ నిలువు వరసను తీసేశాను. మళ్లీ లెక్క వేస్తే మధ్యది 5.5, సన్నది 4.5!

ఎక్కడో ఫార్ములా చెడిందనుకున్నాను. చెడలేదు. బండది ఉన్నప్పుడు వేగంలో 10 మార్కులు దాని 4 నిమిషాలకు, 0 సన్నదాని 10 నిమిషాలకు పడ్డాయి. 9 నిమిషాల మధ్యదానికి దక్కింది 1.7 మాత్రమే. బండది పోగానే మిగిలిన రెండింట్లో 9 నిమిషాలే ఉత్తమం, 10 నిమిషాలే అధమం అయిపోయాయి. ఒక్క నిమిషం తేడాకు 25 తూకం మొత్తం మధ్యదాని ఖాతాలో పడింది. ధరలోనూ అదే జరిగింది, సన్నది 6 మార్కుల నుంచి సున్నాకు పడిపోయింది. అంటే నేను కొననని ఖాయమైన మూడోది గదిలో ఉంటే ఒక విజేత, బయటికి పోతే ఇంకొక విజేత. మధ్యది, సన్నది మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నా దృష్టిలో పట్టిక నిలిచేదీ కూలేదీ ఇక్కడే. తూకాల గురించి గంటలకొద్దీ వాదించుకుంటాం కానీ, 0 అంటే ఏమిటి, 10 అంటే ఏమిటి అన్నది ముందు తేలకపోతే ఆ తూకాలకు అర్థమే లేదు. "వేగానికి 25" అంటే ఎంత వేగానికి? ఒక నిమిషానికా, పది నిమిషాలకా?

కాబట్టి 0, 10 ఎక్కడ ఉండాలో పోటీలో ఉన్న ల్యాప్‌టాప్‌లను బట్టి కాక నా అవసరాన్ని బట్టి పెట్టాను. అందులో బ్యాటరీ ఒక్కటి వివరంగా చెబుతాను. ఛార్జర్ లేకుండా నేను గడిపే పెద్ద రోజు ఏడు గంటలు. బ్యాటరీ కొన్ని వందల సార్లు ఛార్జ్ అయ్యాక సామర్థ్యం తగ్గి 80 శాతం దగ్గరికి రావడం మామూలే. 9 గంటల్లో 80 శాతమంటే 7.2. కనుక 9 గంటలకు 10 మార్కులు. ఆపైన 11 ఉన్నా 15 ఉన్నా నాకు ఒకటే, ఎక్కువ మార్కులు లేవు. 4 గంటలైతే సగం రోజుకే గోడ దగ్గర కూర్చోవాలి, దానికి 0. ఇలాగే ధరలో 130 నా చివరి హద్దు, అది 0, 90కి 10. ఎక్స్‌పోర్ట్‌కు 12 నిమిషాలు 0, 2 నిమిషాలు 10. బరువుకు 2.5 కిలోలు 0, 1 కిలో 10.

స్ప్రెడ్‌షీట్‌లో దీనికి ఒక్క ఫార్ములా చాలు. B గడిలో అధమం, C గడిలో ఉత్తమం, D గడిలో ఆ ల్యాప్‌టాప్ అంకె ఉంటే:

```
=MAX(0, MIN(10, 10*(D2-$B2)/($C2-$B2)))
```

ధర, బరువులాగా తక్కువైతే మంచివైనా ఇదే పనిచేస్తుంది. పైనా కిందా రెండూ మైనస్ అయి గుర్తు పోతుంది. MAX, MIN లేకపోతే మాత్రం 11 గంటల బ్యాటరీకి 14 మార్కులు వస్తాయి. కొత్తగా ఎవరైనా పంపిన పట్టికలో పదికి మించిన అంకె కనిపిస్తే ముందు అక్కడే వెతుకుతాను.

ఇలా వేశాక పాత తూకాలతోనే మధ్యదానికి 6.3, సన్నదానికి 6.2 వచ్చింది. బండదాన్ని పెట్టినా తీసినా ఈ రెండు అంకెలు కదల్లేదు. ఆ మటుకు టెన్షన్ తీరింది. కానీ 0.1 తేడాతో ఎవరు కొంటారు? ఇప్పుడు తూకాల వంతు.

మొదట్లో వేగానికి 25 ఎందుకు ఇచ్చానో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. "వేగం ముఖ్యం కదా" అంతే. ఈసారి ప్రశ్న మార్చాను. నాలుగు వరసల్లోనూ సున్నా ఉన్న ఒక దరిద్రపు ల్యాప్‌టాప్ నా చేతికిచ్చి, ఏదో ఒక్క వరసను 0 నుంచి 10కి లేపుకోమంటే ముందు దేన్ని లేపుతాను? సందేహం లేదు, బ్యాటరీ. రోజూ పడే బాధ అది. దానికి 100 ఇచ్చాను. తర్వాత ధర, బ్యాటరీతో పోలిస్తే దానికి 80. తర్వాత బరువు, రోజూ భుజాన వేసుకునేది కాబట్టి 50. చివరికి వేగం. నేను వీడియో ఎక్స్‌పోర్ట్ చేసేది నెలకు రెండుసార్లు. 12 నిమిషాల నుంచి 2 నిమిషాలకు దిగినా నాకు మిగిలేది నెలకు ఇరవై నిమిషాలు. దానికి 20 ఇవ్వడమే ఎక్కువ. మొత్తం 250. దాన్ని వందకు సరిచేస్తే బ్యాటరీ 40, ధర 32, బరువు 20, వేగం 8.

| | తూకం | సన్నది | మధ్యది | బండది |
|---|---|---|---|---|
| బ్యాటరీ | 40 | 10 | 8 | 0 |
| ధర | 32 | 4.5 | 7.5 | 0 |
| బరువు | 20 | 8.7 | 6 | 1.3 |
| వేగం | 8 | 2 | 3 | 8 |
| మొత్తం | 100 | 7.3 | 7.0 | 0.9 |

బండది గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రోజంతా గేమ్‌లు, త్రీడీ పని చేసేవాళ్ల తూకాలు వేరుగా ఉంటాయి, వాళ్లకు ఇదే పట్టిక దాన్ని పైన కూర్చోబెట్టవచ్చు. నాకు కాదు.

మిగిలింది 0.3 తేడా. ఇక్కడ నామీద నాకే అనుమానం. దుకాణంలో పట్టుకున్నప్పుడే సన్నది నచ్చింది. మనసులో ఒకటి పెట్టుకుని అది గెలిచేదాకా తూకాలు సర్దడం నాకు కొత్తేమీ కాదు, ఇంతకుముందు ఫోన్ కొన్నప్పుడు చేసిన పని అదే. అందుకని తూకాలు సర్దడం మాని, ఫలితం తలకిందులు కావాలంటే ఏం మారాలో లెక్క వేశాను. ధర పక్కన ఉన్న 80ని పెంచుకుంటూ పోతే 104 దాటాకే మధ్యది ముందుకొస్తుంది. అంటే ధర నాకు బ్యాటరీ కంటే కూడా ముఖ్యం అని ఒప్పుకోవాలి. ఆ డబ్బు తేడా నాకు చిన్నది కాదు, కానీ నాలుగు గంటల బ్యాటరీతో నాలుగైదేళ్లు బతకడం కంటే పెద్దదీ కాదు. అంకెల్లో పొరపాటు ఉన్నా చూశాను: సన్నదాని బ్యాటరీ నిజంగా 11 కాక 9 గంటలే వచ్చినా దాని మార్కులు తగ్గవు. మధ్యదాని 8 గంటలు ఏడైతే మాత్రం 8 మార్కులు ఆరైపోతాయి. పొరపాటును ఓర్చుకునే ఖాళీ సన్నదానికే ఉంది.

చేతిలో డబ్బు బిగుతుగా ఉండి, రోజులో ఎక్కువసేపు ప్లగ్ పక్కనే కూర్చునేవాళ్లు మధ్యది కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నాకు ప్రశ్నలు పంపినవాళ్లలో ఇద్దరు అలాంటివాళ్లే, వాళ్లకు అదే చెప్పాను.

నేను సన్నది తీసుకున్నాను. దానిమీద నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి పట్టికలో లేనిది: ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, రేపు 32 కావాలన్నా పెంచుకోలేను. మధ్యదానిలో ఒక స్లాట్ ఖాళీగా ఉండేది. దానికి వరస పెట్టి ఉంటే ఏమయ్యేదో తర్వాత కూర్చుని చూశాను. ఖాళీ స్లాట్‌కు 10, లేనిదానికి 0 వేసి, 250 పక్కన ఇంకో 8 తూకం కలిపితే చాలు, మధ్యది గెలిచేది.