పలాస ఇంటి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్: రెండేళ్లు వాడాక

మాది పలాస. పెరట్లో జీడిపిక్కలు ఆరబోసే చోట ఒక కెమెరా ఉంది, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద తమ్ముడి మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుస్తుంది. నేను ఉద్యోగానికి విశాఖలో ఉంటాను, తమ్ముడి స్నేహితులు తలా ఒక ఊళ్లో ఉన్నారు. అందరికీ బయట నుంచి అందాలని ఇంటి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి రెండేళ్లయింది. అంటే బయట నుంచి ఒక పోర్ట్ నంబర్‌కి వచ్చే కనెక్షన్‌ని ఇంట్లో ఫలానా పరికరానికి పంపమని రౌటర్‌లో రూల్ రాయడం. గేమ్ సర్వర్‌కి చాలా బాగుంది. కెమెరాకి మాత్రం నేరుగా పెట్టకండి, ఎందుకో కింద చెబుతాను.

మొదటి వారం చాలా టెన్షన్ పడ్డాను. రూల్ రాయడం ఐదు నిమిషాల పనే: రౌటర్ పేజీ 192.168.1.1 తెరిచి, బయటి పోర్ట్ 25565, లోపలి అడ్రస్ 192.168.1.5, లోపలి పోర్ట్ కూడా 25565, ప్రోటోకాల్ టీసీపీ అని పెట్టి సేవ్ చేశాను. ఇంట్లో ఆట తెరుచుకుంటోంది, బయటివాళ్లకి మాత్రం రావడం లేదు. రూల్ చెరిపి మళ్లీ రాశాను, రౌటర్ రీసెట్ చేశాను, ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ కూడా కాసేపు ఆపి చూశాను. మూడు రాత్రులు పోయాయి.

తప్పు వాటిలో దేంట్లోనూ లేదు. రౌటర్ స్టేటస్ పేజీలో WAN IP అన్న చోట 100.72తో మొదలయ్యే అడ్రస్ ఉంది, అదే సమయంలో బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని వెతికితే పూర్తిగా వేరే అడ్రస్ వచ్చింది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపల పంచుకోవడానికి కేటాయించిన అడ్రస్‌లు. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక మా ఇంటితో పాటు ఇంకా చాలా ఇళ్లున్నాయి, దీన్నే సీజీనాట్ అంటారు. బయట నుంచి వచ్చే కనెక్షన్ కంపెనీ దగ్గరే ఆగిపోతుంది, మన రౌటర్ గుమ్మం దాకా రానే రాదు, ఇక రూల్ ఎంత బాగా రాస్తే ఏం లాభం? అందుకే ఎవరైనా అడిగితే ముందు ఆ రెండు అడ్రస్‌లూ కలిశాయో లేదో చూడమంటాను.

కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమనేవారు. చివరికి లైన్ చూసే కుర్రాడే, "సార్, స్టాటిక్ ఐపీ తీసుకోండి, అది లేకుండా ఇది అవ్వదు" అని తేల్చి చెప్పాడు. దానికి వేరేగా డబ్బు కట్టాను, మర్నాటికి స్టేటస్ పేజీలో, బ్రౌజర్‌లో ఒకే అడ్రస్ కనిపించింది, ఆట తెరుచుకుంది. పరీక్ష చేసేటప్పుడు ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటాతో చూడండి. ఇంటి వైఫైలో ఉండి సొంత పబ్లిక్ అడ్రస్ కొడితే కొన్ని రౌటర్లు వెనక్కి తిప్పి పంపలేవు, అంతా సరిగ్గా ఉన్నా రాలేదనిపిస్తుంది.

తర్వాత వానల్లో ఒకసారి రాత్రంతా కరెంటు పోయింది, వచ్చాక సర్వర్ మళ్లీ అందలేదు. ల్యాప్‌టాప్‌కి ఈసారి రౌటర్ 192.168.1.7 ఇచ్చింది, రూల్ ఇంకా 5నే చూపిస్తోంది. డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ రాసి 5ని దానికే కట్టేశాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

ఇక కెమెరా. ఉత్సాహం కొద్దీ కెమెరా వీడియో వచ్చే 554 పోర్ట్ కూడా తెరిచాను, విశాఖలో కూర్చుని పిక్కలు చూసుకోవచ్చు కదా అని. మర్నాడు కెమెరా రికార్డింగ్ దాచే డీవీఆర్‌లో లాగ్ తెరిస్తే ఎవరో తెలియని అడ్రస్‌ల నుంచి admin పేరుతో వరసగా లాగిన్ ప్రయత్నాలు. తెరిచి ఉన్న పోర్ట్‌ల కోసం ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములు రోజంతా నడుస్తూనే ఉంటాయి, బయటి పోర్ట్ నంబర్ మారిస్తే కొంత తగ్గుతుందే గాని ఆగదు. మా అమ్మ పెరట్లో తిరిగే చోటది, నాకు ఒళ్లు జలదరించింది. వెంటనే ఆ రూల్ తీసేశాను, రౌటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆపేశాను, లేకపోతే కెమెరా తనంతట తానే పోర్ట్ తెరిపించుకోగలదు.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ మీదే, బయట నుంచి ఇంటి నెట్‌వర్క్‌కి రహస్య దారి, అంటే టన్నెల్, వేసే వైర్‌గార్డ్ పెట్టి కెమెరా కోసం దాని యూడీపీ పోర్ట్ 51820 ఒక్కటే బయటికి తెరిచాను. సరైన కీ లేనివాళ్లు తట్టినా అది అసలు జవాబే ఇవ్వదు. ఫోన్‌లో టన్నెల్ ఆన్ చేసి ఇంట్లో ఉన్నట్టే కెమెరా చూస్తాను. ఒక్క చిక్కు వచ్చింది: విశాఖ గదిలో వైఫై కూడా 192.168.1 వరసే కావడంతో ఫోన్ కెమెరాని ఆ గదిలోనే వెతికేది. పలాసలో వరస 192.168.37కి మార్చి, రూల్స్‌లోనూ రిజర్వేషన్‌లోనూ అడ్రస్‌లు సరిచేశాక కుదిరింది.

మైన్‌క్రాఫ్ట్ పోర్ట్ మాత్రం తెరిచే ఉంది, పిల్లలందరి చేతా టన్నెల్ పెట్టించలేం. అసలైన అకౌంట్ ఉండి, జాబితాలో పేరున్నవాళ్లని మాత్రమే రానిచ్చేలా సర్వర్ సెట్టింగ్‌ల ఫైలు server.propertiesలో ఈ రెండు లైన్లు పెట్టాను:

```
online-mode=true
white-list=true
```

కొత్త స్నేహితుడు వస్తే తమ్ముడు సర్వర్ విండోలో `whitelist add` అని కొట్టి అతని పేరు రాస్తాడు. జాబితాలో లేని పేర్లు తట్టి వెనక్కి పోవడం లాగ్‌లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.