గోడ కుళాయి కొనేవారికి హెచ్చరిక: టైల్స్ వేయకముందే చూసుకోండి

బేసిన్ పైన గోడలోంచి పొడుచుకొచ్చే కుళాయి కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మా ఇంట్లో బిగించిన కుళాయి వల్ల బేసిన్ వెనక ఉన్న పడకగది గోడ ఉబ్బి, పెయింటు పెచ్చులుగా రాలింది.

బయట కనిపించేది మూతి, పిడి మాత్రమే. అసలు వాల్వు ఉండే కన్సీల్డ్ బాడీ గోడలో ఉంటుంది. దాని ప్లాస్టిక్ తొడుగు మీద కనిష్ఠ, గరిష్ఠ లోతు గీతలు ఉంటాయి. టైల్ పైముఖం ఆ రెండింటి మధ్యకు రావాలి. ప్లంబర్ ఇటుక గోడను చూసి బాడీ బిగించి వెళ్లాడు. తర్వాత తాపీ మేస్త్రీ గోడ వంకర సరిచేయడానికి సిమెంటు మందంగా వేసి, దానిపై టైల్ అతికించాడు. బాడీ గరిష్ఠ గీతను దాటి లోపలికి పోయింది. బాడీని మూతికి కలిపే చిన్న మరల గొట్టం నిపుల్. పెట్టెలో వచ్చిన దాని పొడవు చాలక, మూతి రెండు మూడు మరలకే పట్టుకుంది. టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి బిగించేశారు.

ఈ లీకు దొరకకుండా ఎలా తప్పించుకుందో చెప్పాలి. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు నీటి ఒత్తిడి వాల్వు దగ్గరే ఆగిపోతుంది. మూతి వైపు నిపుల్‌లో ఒత్తిడే ఉండదు. అందుకే ప్రెషర్ టెస్టులో ముల్లు కదల్లేదు, కుళాయిలన్నీ కట్టేస్తే నీటి మీటరూ తిరగలేదు. చెమ్మ బయటినుంచి వస్తోందని అందరూ తేల్చేశారు. చివరికి మూతి చుట్టూ గోడకు ఆనుకుని ఉండే బిళ్ళ, ఫ్లాంజ్‌ను వెనక్కి లాగి కుళాయి తిప్పితే, సన్నని నీటి ధార నిపుల్ వెంట జారి గోడలోకి పోతూ కనిపించింది. చేతులు కడిగిన ప్రతిసారీ అదే జరిగింది.

కాబట్టి టైల్స్ వేయకముందు మూతి రంధ్రానికి ప్లగ్ బిగించి, వాల్వు తెరిచి ఉంచి ఒత్తిడి పరీక్ష చేయించండి. అప్పుడే ఆ వైపు అతుకులు కూడా బయటపడతాయి. నిపుల్‌ది తర్వాత బిగించే అతుకు గనుక, మూతి పెట్టిన రోజున ఫ్లాంజ్ వెనక్కి జరిపి, నీళ్లు వదిలి కళ్లతో చూడండి. బాడీ లోతు కొలిచేటప్పుడు ప్లాస్టరు, జిగురు, టైల్ మూడింటి మందమూ కలపాలి. లోతు ఎక్కువైతే అదే మోడల్‌కు సరిపోయే ఎక్స్‌టెన్షన్ దొరుకుతుందో లేదో కొనేముందే దుకాణదారును అడగండి. టేపుతో ఆ లోటు తీరదు.

బేసిన్ మీదే బిగించే కుళాయిలో గొట్టం అతుకు కారితే, కింద పెట్టిన బకెట్‌లోనో నేల మీదో వెంటనే తెలుస్తుంది. యాంగిల్ కాక్ కట్టేసి, గొట్టం మార్చుకుంటే సరిపోతుంది. ఆ కుళాయి అడుగు చుట్టూ మురికి చేరుతుందన్న మాట నిజమే, రోజూ తుడవాలి. అయినా గోడ అవతల పడకగది గానీ చెక్క అల్మారా గానీ ఉంటే నేను దీన్నే ఎంచుకోమంటాను. మాకు బాడీ బయటికి తీయడానికి టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది, ఆ రంగు టైల్స్ ఇప్పుడు దుకాణంలో లేవు.