రెండు భాషల రిజిస్టర్ షీట్: మూడేళ్లు వాడాక ఏం మిగిలింది, ఏం మార్చాను

కొంతమంది కలిసి నడుపుకునే చిన్న గ్రంథాలయానికి పుస్తకాల లావాదేవీల రిజిస్టర్ గూగుల్ షీట్స్‌లో నేనే తయారుచేశాను. మూడేళ్లు దాటింది, దాదాపు 2,400 వరుసలు ఎక్కాయి. ఎంట్రీ చేసేవాళ్లం నలుగురం. ఇద్దరు ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడతారు, ఒకరు కంప్యూటర్‌లో ఇంగ్లీషులోనే కొడతారు, నేను రెండూ వాడతాను. అందుకే మొదటి రోజు నుంచీ షీట్ రెండు భాషల్లో ఉండాలని పట్టుబట్టాను. ఆ నిర్ణయం మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ నేను మొదట వేసిన డిజైన్‌లో సగం మార్చాల్సి వచ్చింది, ఎందుకో చెప్తాను.

ముందు హెడర్ల సంగతి. మొదట్లో ఒకే సెల్‌లో పైన తెలుగు, కింద ఇంగ్లీషు పెట్టాను, మధ్యలో Ctrl+Enter కొట్టి లైను విడగొట్టి. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ కాలమ్ పేరును ఫార్ములాలో వెతికించాలంటే ఆ లైను విరుపుతో సహా అక్షరం పొల్లుపోకుండా రాయాలి, CSVగా దింపితే హెడర్ రెండు లైన్లుగా చీలి కనపడుతుంది, దాన్ని తీసుకునే ఇంకో ప్రోగ్రామ్ అక్కడే తడబడుతుంది. ఆరు నెలలకే దాన్ని వదిలేశాను. ఇప్పుడు 1వ వరుసలో తెలుగు, 2వ వరుసలో ఇంగ్లీషు. తెలుగు వరుస మనుషుల కోసం: "తీసుకున్న తేదీ", "పుస్తకం స్థితి" అని మామూలు మాటల్లో, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇంగ్లీషు వరుస ఫార్ములాల కోసం: issue_date, status అని చిన్న అక్షరాలతో, ఖాళీ లేకుండా, ఒకసారి పెట్టాక ముట్టుకోకూడదు. ఫిల్టర్ గానీ పివట్ టేబుల్ గానీ పెట్టేటప్పుడు రేంజ్ 2వ వరుస నుంచే మొదలవ్వాలి. 1వ వరుస నుంచి ఎంచుకుంటే ఇంగ్లీషు హెడర్‌ను కూడా ఒక లావాదేవీ అనుకుని లెక్కలోకి తీసేసుకుంటుంది.

ఇందులో ఒక చిన్న జాగ్రత్త ఉంది. ఫ్రీజ్ చేసేటప్పుడు రెండు వరుసలనూ ఫ్రీజ్ చేయాలి. నేను ఒక్కదాన్నే చేసి వదిలేసిన రోజుల్లో, ఎవరో కాలమ్ మీద నొక్కి షీట్ మొత్తాన్ని సార్ట్ చేశారు, ఇంగ్లీషు హెడర్ వరుస డేటాలో కలిసిపోయింది. సార్ట్ చేసినవాళ్ల తప్పేమీ లేదు, ఫ్రీజ్ అయిన వరుసలను మాత్రమే సార్ట్ కదపకుండా వదిలేస్తుంది, రెండోదాన్ని నేను కాపాడుకోలేదు.

ఇక అసలు విషయం, డ్రాప్‌డౌన్లు. మూడేళ్లలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినదీ, ఎక్కువ నేర్పినదీ ఇదే. స్థితి కాలమ్‌లో మొదట తెలుగు మాటలే పెట్టాను: పెండింగ్, తిరిగి ఇచ్చారు, పోయింది, రిపేరు. ఒక నెలాఖరున పివట్ టేబుల్ తెరిస్తే అందులో పెండింగ్ రెండుసార్లు ఉంది. ఒకదాని ఎదురుగా 61, ఇంకోదాని ఎదురుగా 14. రెండు మాటలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. మొదట చివర్లో స్పేస్ ఉందేమో అనుకున్నాను, TRIM వేసినా పోలేదు. అప్పుడు పక్క కాలమ్‌లో LEN పెట్టి చూస్తే ఒకదానికి 8, ఇంకోదానికి 9 వచ్చింది.

పెండింగ్‌లో ప, ఎత్వం, సున్న, డ, గుడి, సున్న, గ, పొల్లు, మొత్తం ఎనిమిది. ఆ తొమ్మిదోది కంటికి కనపడని అక్షరం, యూనికోడ్‌లో U+200C, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి తెలుగులో దీని అవసరం ఉంది, సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్, వే కలిసిపోకుండా ఉండేది దీనివల్లే. కానీ మాట చివర్లో పొల్లు తర్వాత ఇది వచ్చి కూర్చుంటే చూపులో ఏ తేడా ఉండదు. మాలో ఒకరు ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే టూల్ వాడేవారు, అది పొల్లుతో ముగిసే మాటలకు దీన్ని తగిలించేది. తిరిగి ఇచ్చారు, పోయింది లాంటి మాటలకు ఈ గొడవే లేదు, పొల్లుతో ముగియవు కాబట్టి.

డ్రాప్‌డౌన్ ఉండగా చేత్తో కొట్టినది ఎలా ఎక్కిందంటే, రూల్‌లో నేను Show a warning అని పెట్టాను. అది సెల్ మూలన చిన్న ఎర్ర త్రికోణం చూపించి ఊరుకుంటుంది, ఎంట్రీని ఆపదు. ఫోన్‌లో పనిచేస్తూ ఆ త్రికోణాన్ని ఎవరు గమనిస్తారు? Reject the input అని మార్చాను. పాత వరుసలను శుభ్రం చేయడానికి ముందు షీట్‌కు ఒక కాపీ తీసుకుని, ఖాళీ కాలమ్‌లో ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగాను:

```
=TRIM(SUBSTITUTE(E3,UNICHAR(8204),""))
```

వచ్చిన ఫలితాన్ని Ctrl+Shift+V తో విలువలుగా మాత్రమే స్థితి కాలమ్‌లో అతికించాను. 61, 14 కలిసి 75 అయ్యాయి, అల్మరాల్లో లేని పుస్తకాల లెక్కతో సరిపోయింది. అయితే ఇదే ఫార్ములాను పుస్తకం పేర్ల కాలమ్ మీద నడపకండి, దయచేసి. అక్కడ మాట మధ్యలో ఉండే ఆ కనపడని అక్షరం నిజంగా అవసరమైనది, తీసేస్తే అక్షరాలు ఒత్తులై మాట రూపమే మారిపోతుంది.

ఇంత చేసినా ఒక సందు మిగిలే ఉంది. ఇంకో సెల్ నుంచి కాపీ చేసి మామూలుగా Ctrl+V కొడితే ఆ సెల్ విలువతో పాటు దాని రూల్ కూడా వచ్చి పడుతుంది, మన డ్రాప్‌డౌన్ చెరిగిపోతుంది. దీన్ని పూర్తిగా ఆపే దారి నాకు దొరకలేదు. అందుకని చివరి కాలమ్‌లో ఒక చెక్ పెట్టాను, స్థితి సెల్‌లో ఉన్నది జాబితాలోని ఏదో ఒకదానితో అక్షరాలా సరిపోతే 1, లేకపోతే 0:

```
=SUMPRODUCT(--EXACT(E3,Lists!$A$2:$A$9))*(E3<>"")
```

వారానికోసారి ఆ కాలమ్‌లో 0 ఉన్న వరుసలను ఫిల్టర్ చేసి చూసుకుంటాను. ఖాళీగా ఉండకూడని సెల్ ఖాళీగా ఉన్నా ఇక్కడే బయటపడుతుంది.

రెండో ఏడాదిలో ఇంకో సమస్య వచ్చింది. ఇంగ్లీషులో కొట్టే సభ్యుడికి తెలుగు మాటలు జాబితాలో వెతుక్కోవడం ఆలస్యమవుతోంది, అందుకని "పెండింగ్ / Pending" అని రెండూ ఒకే ఎంపికలో పెట్టాం. కొన్నాళ్లు హాయిగా నడిచింది. తర్వాత Pending అంటే ఏం పెండింగో తెలియట్లేదు, Not returned అని మార్చుదాం అన్నారు. జాబితా షీట్‌లో మార్చాను. అప్పటికే ఎక్కిన వరుసల్లో పాత మాట అలాగే ఉండిపోయింది, వాటన్నిటికీ ఎర్ర త్రికోణాలు వచ్చాయి, COUNTIF లెక్క తప్పింది. జాబితాలో మాట మారితే సెల్‌లో ఉన్నది తనంతట తాను మారదు, అది ఒకసారి అక్కడ రాసిన అక్షరాలు మాత్రమే.

అప్పుడు దొరికిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ప్రతి ఎంపికకూ ముందు ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక స్పేస్, ఆ తర్వాత రెండు భాషల మాటలు:

```
P పెండింగ్ / Not returned
R తిరిగి ఇచ్చారు / Returned
X పోయింది / Lost
```

లెక్కలన్నీ ఆ మొదటి అక్షరం మీదే:

```
=COUNTIF(E3:E,"P *")
```

ఇప్పుడు వెనకాల మాట ఎలా మారినా, అందులో కనపడని అక్షరం దూరినా, లెక్క చెదరదు. మాటలు మనుషుల కోసం, అక్షరం లెక్క కోసం. పాత వరుసలను కొత్త రూపంలోకి మార్చడానికి Find and replace తో నాలుగు సార్లు, ఒక్కో మాటకు ఒకసారి, అరగంట పని అంతే. దీనికి ఒక హద్దు ఉంది: ఏడెనిమిది ఎంపికల దాకానే బాగుంటుంది. పుస్తకాల విభాగాలు మాకు ఇరవైకి పైనే, అక్కడ అక్షరాలు గుర్తుండవు, అందుకే 01, 02 అని రెండంకెలు పెట్టాను. సున్న ముందు ఉండాలి, లేకపోతే 10వది 2 కంటే ముందు వచ్చి కూర్చుంటుంది.

సభ్యుల పేర్లకు మాత్రం డ్రాప్‌డౌన్‌లో పేరు పెట్టడం మానేశాను. లక్ష్మి, లక్ష్మీ, Lakshmi, Laxmi, ఇవన్నీ ఒకే మనిషివి కావచ్చు, నలుగురు వేర్వేరు మనుషులవీ కావచ్చు. సభ్యుల షీట్ విడిగా పెట్టి ఒక్కొక్కరికీ M001 నుంచి ఒక నంబరు ఇచ్చాం, పేరు తెలుగులో ఒక కాలమ్, ఇంగ్లీషులో ఒక కాలమ్. రిజిస్టర్‌లో నంబరు ఎంచుకుంటే రెండు పేర్లూ XLOOKUP తో పక్కన వస్తాయి. నంబరు తప్పు ఎంచుకుంటే పక్కన వేరే పేరు కనపడుతుంది కాబట్టి అక్కడికక్కడే తెలిసిపోతుంది. పేరు స్పెల్లింగ్ సరిదిద్దాలన్నా ఒక్క చోట దిద్దితే చాలు. మొదటి రోజు నుంచీ ఇలా చేసి ఉండాల్సింది, ఆ పాత పేర్లను కలపడానికి రెండు ఆదివారాలు పట్టింది.

తేదీల విషయంలో ఒక్కటే చెప్తాను, File, Settings లోకి వెళ్లి Locale చూసుకోండి. అది అమెరికా అని ఉంటే 3/4 అని కొట్టింది మార్చి 4 అయిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. 25/4 అని కొడితే మాత్రం తేదీగా గుర్తించక మామూలు అక్షరాల్లా సెల్‌లో ఎడమవైపుకు జరిగి ఉంటుంది, అది చూసే నాకు అనుమానం వచ్చింది. Locale సరిచేసి, తేదీ కాలమ్‌కు Is valid date రూల్ పెట్టాను. అంకెలు 1, 2, 3 అనే కొట్టాలని కూడా రూల్ పెట్టుకున్నాం, తెలుగు అంకెలు ౧, ౨, ౩ కొడితే షీట్ వాటిని సంఖ్యలుగా తీసుకోదు, మొత్తంలో కలవవు.

చిన్నవి రెండు. తెలుగు వరుసలకు ఎత్తు కాస్త ఎక్కువ ఇవ్వండి, లేకపోతే ఒత్తులు కింద తెగిపోయి క్ష్మ లాంటివి చదవడం కష్టం. షీట్‌ను CSVగా దింపి ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగంతా à° అంటూ పిచ్చి గుర్తులుగా కనపడొచ్చు. డేటా ఏమీ పాడవలేదు, ఎన్‌కోడింగ్ తప్పుగా చదువుకుంది అంతే. ఎక్సెల్‌లో Data, From Text/CSV ద్వారా తెచ్చి 65001: Unicode (UTF-8) ఎంచుకుంటే తెలుగు తెలుగులా వస్తుంది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఐదు నిమిషాల్లో అయిపోతోంది: నంబరు ఎంచుకో, తేదీ పెట్టు, స్థితి జాబితాలోంచే తీసుకో, ఇంకో సెల్ నుంచి కాపీ చేయకు. పోయిన నెల చెక్ కాలమ్‌లో 0 వచ్చిన వరుసలు రెండే, రెండూ కాపీ చేసి అతికించినవే.