పంపే ముందు, తొలగించే ముందు ఆగే ఏజెంట్: చాలాకాలం వాడాక

ఒక ఏఐ ఏజెంట్‌కు నా మెయిల్‌ను, పని ఫోల్డర్లను అప్పగించి చాలాకాలమైంది. మొదట్లో నా ఫిర్యాదు ఒక్కటే: ప్రశ్నలు ఎక్కువ. ఆ ఫిర్యాదు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాకపోతే అది ఎక్కడ ఆగుతోందో గమనించాక చిరాకు తగ్గింది. వెతకమన్నా, సారాంశం రాయమన్నా, చిత్తుప్రతి తయారుచేయమన్నా మారు మాట్లాడకుండా చేసుకుపోతుంది. అక్కడ పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చు. వెనక్కి తీసుకోలేని పని ఎదురై, నా మాటకు రెండు అర్థాలు వచ్చినప్పుడు మాత్రం ఆగుతుంది.

ఒక ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఏడాది దాటిన పాత ఫైళ్లను తీసేయమన్నాను. నా దృష్టిలో అందులో తికమక ఏమీ లేదు. అది నేరుగా తొలగించకుండా ముందు జాబితా మాత్రమే తీసింది:

```
find . -type f -mtime +365 -print
```

ఈ ఆదేశం చూసేది ఫైలులోని విషయం చివరిసారి మారిన తేదీని. ఆ ఫైలు నా దగ్గరికి ఎప్పుడు వచ్చిందన్నది దీనికి పట్టదు. అంతకు కొద్ది రోజుల ముందే ఒక సహోద్యోగి పంపిన జిప్ ఫైలును అదే ఫోల్డర్‌లో విప్పాను. జిప్ విప్పినప్పుడు లోపలి ఫైళ్లకు సాధారణంగా వాటి పాత తేదీలే ఉంటాయి. అందువల్ల కొత్తగా వచ్చిన డ్రాయింగులన్నీ రెండేళ్ల నాటివిగా కనిపిస్తూ జాబితాలోకి చేరాయి. ఏజెంట్ వాటిని విడిగా చూపించి, వీటినీ పాతవాటిలో కలపాలా అని అడిగింది. చివరన `-print` బదులు `-delete` పెట్టి ఉంటే అవీ పోయేవి. ఇలా తొలగించినవి చెత్తబుట్టలోకి వెళ్లవు, నేరుగా మాయమవుతాయి. పైగా ఆ ఫోల్డర్ ఇతరుల కంప్యూటర్లతో సింక్ అవుతుంది కాబట్టి నా దగ్గర తీసేసింది వాళ్ల దగ్గరా పోతుంది. ఏజెంట్ ఈ సంగతి కూడా చెప్పి, తొలగించే బదులు సింక్ లేని వేరే ఫోల్డర్‌కు తరలిస్తే వాళ్ల దగ్గర పోయినా నా దగ్గర ఒక ప్రతి మిగులుతుందని సూచించింది.

నాకు నచ్చింది ఆ ప్రశ్న వెనకున్న పని. ‘నిజంగా తొలగించాలా?’ అని అడగడం ఏ ప్రోగ్రామైనా చేస్తుంది, మనం చదవకుండానే సరేనంటాం. ఇది తాను తెలుసుకోగలిగినదంతా తెలుసుకుని, నేను మాత్రమే చెప్పగలిగినదే నన్ను అడిగింది. ఇంకొకటి కూడా గమనించాను. నేను జాబితాకు సరేనన్న తర్వాత ఫోల్డర్‌లోకి కొత్త ఫైళ్లు వచ్చి చేరితే, పాత అనుమతిని వాటికి వర్తింపజేయదు. వాటి గురించి మళ్లీ అడుగుతుంది.

మెయిల్ విషయంలో చిక్కు వేరు. పంపినదాన్ని వెనక్కి తీసుకునే సదుపాయం జీమెయిల్‌లో ఉన్నా దాని గడువు గరిష్ఠంగా 30 సెకన్లే. అసలు జరిగేది కూడా మెయిల్‌ను ఆ కాసేపు పంపకుండా ఆపి ఉంచడమే. నా చిరునామాల్లో ఒకే పేరుతో ఇద్దరున్నారు, ఒకరు మా బృందంలోని వారు, మరొకరు కస్టమర్. పేరు చెప్పి ‘కొత్త ధరల పట్టిక పంపు’ అన్నప్పుడు అది రెండు చిరునామాలనూ పూర్తిగా చూపించింది. పట్టికలూ రెండున్నాయి. ఒకదానిలో మా లాభశాతం ఉంది, రెండోది బయటివారికి ఇచ్చేది. తేదీ ప్రకారం కొత్తది మొదటిదే. అంటే ‘కొత్త’ అన్న మాటను ఉన్నదున్నట్టు పాటిస్తే బయటికి పోకూడనిదే పోయేది.

లోపాలకు వస్తే, నేను రోజూ రాసే వ్యక్తికి రెండు వాక్యాల జవాబు పంపడానికి కూడా కొన్నిసార్లు అనుమతి అడిగేది. ఇలా ప్రతిదానికీ అడిగితే కొన్నాళ్లకు చదవకుండా నొక్కడం అలవాటవుతుంది, అప్పుడు అడిగీ ప్రయోజనం ఉండదు. అందుకే సూచనలు మార్చాను: ఇప్పటికే నడుస్తున్న సంభాషణలో, జోడింపు ఏదీ లేకపోతే అడగకుండా పంపవచ్చు. కొత్త చిరునామా, జోడింపు, అందరికీ ఒకేసారి జవాబు, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఆగాలి. అప్పటి నుంచి ప్రశ్నలు బాగా తగ్గాయి.

రెండో లోపం ఇంకా పెద్దది. తనకు సందేహం వచ్చినచోటే అది అడుగుతుంది, సందేహించవలసిన చోట సందేహం రాకపోతే అడగదు. శుక్రవారం సమావేశమని కొత్త వ్యక్తికి ఆహ్వానం రాయమంటే, వచ్చే వారం అనుకున్నదాన్ని ఈ వారానికి రాసేసింది. తేదీ గురించి ఒక్క ప్రశ్న లేదు. చిరునామా కొత్తది కాబట్టి పంపే ముందు పూర్తి పాఠాన్ని చూపించింది, అందులో తేదీ కనబడి పట్టుకున్నాను. కాబట్టి ఏజెంట్‌ను ఎంచుకునేవారు అది ఎన్ని ప్రశ్నలు అడుగుతుందో చూడడంతో ఆగవద్దు. పంపే ముందు చిరునామా, జోడింపు పేరు, పాఠం మూడూ ఒకేచోట కనిపిస్తాయో లేదో చూడండి. శాశ్వతంగా తొలగించే అనుమతిని మాత్రం నేను దీనికి ఇప్పటికీ ఇవ్వలేదు. పక్క ఫోల్డర్‌కు తరలిస్తుంది, ఖాళీ చేసేది నేనే.