కార్డ్‌లెస్ ట్రిమ్మర్ కొనేవారు జాగ్రత్త: ఆ 120 నిమిషాలు ఖాళీగా తిరిగితేనట!

ఆ కార్డ్‌లెస్ ట్రిమ్మర్ ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. బంగారు రంగు బ్లేడు, 5 వాట్ల మోటారు, ఒక్క ఛార్జింగుతో 120 నిమిషాలు, పది అటాచ్‌మెంట్లు. దయచేసి కొనకండి.

పూర్తిగా ఛార్జ్ చేసి తమ్ముడికి జుట్టు కత్తిరించడం మొదలుపెట్టాను. ఒక పక్క పూర్తయి రెండో పక్కకు వచ్చేసరికి మోటారు శబ్దం బొంగురుపోయింది. బ్లేడు నెమ్మదించి, వెంట్రుకలను కోయడం మాని పట్టి లాగింది. వాడు నొప్పితో అరిచాడు. అప్పటికి అరగంట కూడా కాలేదు. తీగ తగిలించి పని ముగిద్దామంటే, ఛార్జ్ అవుతున్నప్పుడు ఇది నడవదు. ఆ మాట ప్రకటనలో ఎక్కడా లేదు.

అమ్మినవారికి ఫోను చేశాను. "120 నిమిషాలంటే ఖాళీగా తిరిగినప్పుడు. జుట్టు తగిలితే తగ్గుతుంది, ఆమాత్రం తెలియదా?" అని కసిరి పెట్టేశాడు. జుట్టు కత్తిరించే యంత్రానికి జుట్టు తగలకుండా లెక్క కడతారా? పైగా తప్పు నాదన్నట్టు ఆ గొంతు! ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

అసలు వాళ్ల అంకెలే ఒకదానితో ఒకటి పొసగవు. పెట్టె అడుగున బ్యాటరీ 3.7 వోల్టులు, 600 మిల్లీ ఆంపియర్ అవర్ అని సన్నని అక్షరాల్లో ఉంది. 600 మిల్లీ ఆంపియర్ అవర్ అంటే 0.6 ఆంపియర్ అవర్; 3.7ను దానితో గుణిస్తే బ్యాటరీలో ఉండే శక్తి దాదాపు 2.2 వాట్ అవర్. మోటారు నిజంగా 5 వాట్లు తీసుకుంటే ఆ బ్యాటరీ 27 నిమిషాలకు మించి రాదు. పోనీ రెండు గంటలు వస్తుందనుకుంటే, మోటారుకు అందేది సుమారు 1.1 వాట్లే. అంత తక్కువ శక్తితో ఒత్తు జుట్టులో బ్లేడు ఆగిపోకుండా తిరగడం కష్టం. ఆ 5 వాట్లు ఛార్జరువైతే మోటారు శక్తి అని ఎందుకు రాశారు? ఎటు చూసినా ఒక అంకె అబద్ధం.

బ్లేడు సంగతీ అంతే. టైటానియం బ్లేడని అమ్మేవాటిలో చాలావరకు ఉక్కు బ్లేడు మీద టైటానియం నైట్రైడ్ పలుచటి పూత ఉంటుంది. అది మోసం కాదు, ఆ పూత గట్టిది. కానీ దీని బంగారు రంగు బ్రష్‌తో శుభ్రం చేస్తుండగానే పళ్ల అంచుల్లో ఊడిపోయి కింద తెల్లని ఉక్కు కనిపించింది. అది ఉత్త రంగు. పది అటాచ్‌మెంట్లలో దువ్వెనలు నాలుగే, మిగతా లెక్క నూనె సీసా, బ్రష్, తీగ, బ్లేడు మూత వంటివాటితో నింపారు.

కొనేముందు బ్యాటరీ వోల్టులు, మిల్లీ ఆంపియర్ అవర్ ఎంతో అడగండి. చెప్పకపోతే వదిలేయండి. ఛార్జింగులో ఉండగా నడుస్తుందో లేదో కూడా రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఇప్పటికే కొన్నవారు వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే పెట్టె అడుగున ఉన్న అంకెలను, ప్రకటనను ఫోటో తీసి ఫిర్యాదుకు జత చేయండి.